ఒత్తు మింగిన వెలుతురు

మన డిపార్టుమెంటు బీరువాలో పాత ప్రశ్నపత్రాలన్నీ కలిపి కుట్టి, అట్ట వేసిన లావు పుస్తకం ఒకటుంది. దాన్ని ఇంటికివ్వరు. అందుకని ఎవరో ఒకరు ఫోన్‌తో ఫొటోలు తీసి గ్రూపులో వేస్తారు, క్లాసంతా వాటినే చదువుతుంది. సెమిస్టరుకు ముందు రెండు వారాలు మన తెలుగు చదువు పుస్తకాల కన్నా ఆ ఫొటోల మీదే ఎక్కువ నడుస్తుంది.

అలా తిరుగుతున్న ఒక పత్రంలో, అర్థాలు రాయమన్న ప్రశ్న కింద ‘పలము’ అని ఉంది. ఒకామె ‘పాతకాలపు తూకం’ అని రాసుకుంది. ఇంకొకామె ‘పండు’ అని రాసుకుంది. “ఏందే ఇది, పలమా ఫలమా?” అని ఇద్దరూ నా దగ్గరికొచ్చారు. రెండు మాటలూ తెలుగులో ఉన్నవే, కాబట్టి ఊహించి చెప్పే వీల్లేదు. బీరువా తెరిపించి చూస్తే అచ్చులో ఉన్నది ఫలమే. ప కింద ఉండాల్సిన చిన్న గీతను ఫొటోలో వెలుతురు మింగేసింది.

ఈ పొరపాటు మనలాంటి వాళ్ళకే ఎక్కువ నష్టం. మా ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో తమిళం. తమిళ లిపిలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం; త, థ, ద, ధలకూ అంతే. పొట్టి, పొడుగు అచ్చుల తేడా మన చెవికి బాగానే తెలుసు కానీ, ఒత్తు మాత్రం చెవితో వచ్చింది కాదు, కంటితో చూసి నేర్చుకున్నది. పేజీలో అది కనబడకపోతే మన నోరు దాన్ని తెచ్చిపెట్టదు. ఉన్నదున్నట్టు నేర్చేసుకుంటాం.

నేనూ, నా స్నేహితురాలూ ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ పత్రాన్ని మళ్ళీ తీశాం. మొదట తేల్చుకోవలసింది ఆ మెరుపు ఎక్కడిదని. ప్రశ్నపత్రం కాగితం గరుకుది, అదెందుకు మెరుస్తుంది అనుకుంటాం. మెరిసేది కాగితం కాదు, అక్షరం. జిరాక్సు, లేజర్ ప్రింటు అక్షరాలు సిరాతో పడ్డవి కావు. టోనర్ అనే సన్నటి ప్లాస్టిక్ పొడి వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటే అయినవి. నల్లటి గీత మీద ట్యూబ్‌లైటు పడి నేరుగా లెన్స్‌లోకి తిరిగొస్తే ఆ గీత బూడిద రంగుకు మారి కాగితంలో కలిసిపోతుంది. లావు గీతలు ఎలాగో నిలుస్తాయి. ముందు పోయేవి ఒత్తులూ, థ పొట్టలో చుక్కా.

దీన్ని కనిపెట్టడం తేలిక. ఫోన్ పట్టుకునే చోట కన్నుపెట్టి తల కొంచెం అటూ ఇటూ ఆడించండి. తెల్లమచ్చ మీతోపాటు జరిగితే అది మెరుపు, జరక్కుండా ఉంటే కాగితం మీది మచ్చ. చాలామంది మెరుపును తప్పించడానికి ఫోన్‌ను వాలుస్తారు. అప్పుడు పేజీ ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు అవుతుంది. ఫోన్‌ను కదపకుండా వెలుతురునే మార్చాలి. మేము పైనున్న ట్యూబ్‌లైటు ఆర్పి, కిటికీ ఎడమవైపు వచ్చేట్టు బల్లను తిప్పాం. ఫ్లాష్ వేయలేదు. పేజీకి ప్లాస్టిక్ కవరుంటే తీసెయ్యాలి, దాంతో పోరాడి లాభం లేదు.

కిటికీ వెలుతురుతో ఇంకో లాభం కూడా ఉంది. పైనుంచి లైటు పడేటప్పుడు ఫోన్ నీడా, చేతి నీడా పేజీ నడుమే కూర్చుంటాయి. పక్కనుంచి వెలుతురు వస్తే నీడ పేజీ దాటి అవతల పడుతుంది. నీడ ఉన్నా చదవగలం కదా అని మన వాళ్ళు వదిలేస్తారు. మామూలు ఫొటోలో అది నిజమే. కానీ కొన్ని స్కాన్ యాప్‌లలో నలుపు-తెలుపు చేసే ఫిల్టరు వేస్తే నీడ వైపు అక్షరాలు పూడిపోతాయి, వెలుతురు వైపు సన్నగీతలు ఎగిరిపోతాయి. పేజీ చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, అదే మోసం. మేము రంగు ఫొటోనే ఉంచాం. కాగితం పచ్చగా కనిపిస్తే కనిపించనీ.

మమ్మల్ని ఎక్కువ సతాయించింది పేజీ వంపు. లావు పుస్తకంలో ఎడమ పేజీ వరసలన్నీ కుట్టు దగ్గర లోపలికి దిగిపోతాయి. పైనుంచి తీస్తే ఆ చివరి అక్షరాలు అడ్డంగా నలిగిపోయి కనిపిస్తాయి. అక్కడే ఒక గణాల ప్రశ్న ఉంది. పాత ఫొటోలో వరస చివరి మాట ‘రమణి’ అని చదివి అందరూ మూడు లఘువులు, న గణం అని రాసుకున్నారు. అచ్చులో ఉన్నది ‘రమణీ’. రెండు లఘువులు, ఒక గురువు, అంటే స గణం. గుడిదీర్ఘం తోక కుట్టులోకి వంగి, ఉత్త గుడిలాగా అయిపోయింది.

పుస్తకాన్ని బలంగా నొక్కి చాపితే కుట్టు తెగుతుంది, మేడమ్ చేతిలో మనమూ తెగుతాం. మేము దాన్ని సగమే తెరిచాం. ఎడమ సగాన్ని బల్ల మీద పరిచి, కుడి సగాన్ని నిలువుగా లేపి గోడకు ఆనించాం. ఇలా చేస్తే తీసే పేజీ దాదాపు చదునుగా పడుకుంటుంది. ఇంకా లేచే అంచు మీద అడుగు స్కేలు పెట్టాం, అక్షరాల మీదికి రాకుండా. పైన అద్దం పెడితే చక్కగా చదునవుతుంది కానీ పోయిన మెరుపు మళ్ళీ వస్తుంది. పేజీని ఒకేసారి కాకుండా పై సగం, కింది సగం విడిగా తీశాం. స్కాన్ యాప్ నాలుగు మూలలు పట్టుకుని పేజీని నిలువు చేసినా, వంగిన వరస తిన్నగా కావాలని లేదు. ఫోన్ తెర మీద వరస కింద ఒక కాగితం అంచు ఆనించి చూస్తే వంపు మిగిలిందో లేదో తెలిసిపోతుంది.

తీశాక పుస్తకం మూసెయ్యకుండానే సరిచూశాం. మార్కులైతే లెక్క కుదరాలి. ఆ పత్రంలో పదిరెళ్ళు 20, అయిదయిదులు 25, మూడుపదులు 30, మొత్తం 75. పాత ఫొటోలో అయిదు అంకె నలిగి మూడులా ఉండేది, కూడితే 65 వచ్చేది. అక్షరాలకు ఇలాంటి లెక్క లేదు. అందుకని ఆమె పుస్తకం చూసి పైకి చదివితే నేను ఫొటోను పెద్దది చేసి చూశాను. ‘ఒత్తు ఫ’, ‘దీర్ఘం’ అని ఆమె విడమరిచి చెబుతుంది. అనుమానమొచ్చిన చోట ఇంకో కోణం నుంచి రెండో ఫొటో తీశాం. మెరుపు చోటు మారుతుంది, అచ్చు గీత మారదు.

చివర్లో వాట్సాప్. మామూలుగా పంపితే అది ఫొటోను బాగా కుదిస్తుంది. పొడుగు వైపు 1600 చుక్కలే మిగిలాయనుకోండి. ఎ4 పేజీ పొడుగు 297 మిల్లీమీటర్లు కాబట్టి, మిల్లీమీటరుకు అయిదు చుక్కలే వస్తాయి. అర మిల్లీమీటరు ఒత్తుకు దక్కేది రెండో మూడో. అంత కష్టపడి తీసింది పంపడంలో పోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఫొటో ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ఇన్ని చేసినా ఆ పుస్తకంలో రెండు పత్రాలు మాకు లొంగలేదు. అవి జిరాక్సుకు జిరాక్సు తీసినవి, ఒత్తులు కాగితం మీదే లేవు. వాటిని ఎన్నిసార్లు తీసినా అంతే. ఫొటో కింద ‘మూలంలోనే చెరిగింది, మేడమ్‌ను అడగాలి’ అని రాసి గ్రూపులో పెట్టాం.