నేను మిలీనియల్‌నట

ఆ మధ్య ఒక శిక్షణకు పిలిస్తే వెళ్లాం. అక్కడ తెర మీద ఒక పట్టిక వేశారు. 1946 నుంచి 1964 దాకా పుట్టినవాళ్లు బూమర్లు, 1965 నుంచి 1980 దాకా జెన్ ఎక్స్, 1981 నుంచి 1996 దాకా మిలీనియల్స్, ఆ తర్వాత జెన్ జీ. నా పుట్టిన ఏడాది అడిగి, "మీరు మిలీనియల్ సార్, కంప్యూటర్‌తో పాటు పెరిగారు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా ఊరికి కరెంటు వచ్చేసరికి నేను తొమ్మిదో తరగతి. కంప్యూటర్ ముట్టుకున్నది ఉద్యోగం వచ్చాకే.

ఇంటికొచ్చాక ఇంకో సంగతి తట్టింది. నా సర్టిఫికెట్లలో ఉన్న తేదీ 1-6-1981. బడిలో చేర్చుకున్న రోజు మాస్టారు నన్ను ఎగాదిగా చూసి రాసిన తేదీ అది. నాతో చేరినవాళ్లలో సగం మందికి జూన్ ఒకటే. మా అమ్మేమో, ఊళ్లో బడి కట్టిన ఏడు సామలు కోసే రోజుల్లో పుట్టావంటుంది. బడి గోడలోని రాయి మీద 1980 అని ఉంది. అమ్మ లెక్కే నిజమైతే నేను జెన్ ఎక్స్. మాస్టారి కలం నన్ను ఒక తరంలోంచి ఇంకో తరంలోకి దాటించిందన్న మాట. ఆ ఏడు నెలల తేడాకి నా స్వభావం మారిపోతుందా?

ఈ ప్రశ్న నా ఒక్కడిదే అనుకున్నాను. చదివితే తెలిసింది, ఈ పట్టిక పుట్టిన అమెరికాలోనే సామాజిక శాస్త్రవేత్తలు చాలాకాలంగా ఇదే అడుగుతున్నారు. పట్టికలో బూమర్ల గీతకు ఒక ఆధారం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడ కాన్పులు ఒక్కసారిగా పెరిగాయి, 1964 తర్వాత తగ్గాయి. కానీ అది కాన్పుల లెక్క, మనుషుల గుణం కాదు. 1946లో పుట్టిన అబ్బాయికి పడుచు వయసులో వియత్నాం యుద్ధానికి పిలుపు వస్తుందన్న భయం ఉండేది. 1973లో ఆ నిర్బంధ పిలుపులు ఆగిపోయేనాటికి 1964లో పుట్టినవాడు ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లాడు. 2024లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడ్డ ట్రంప్ పుట్టింది 1946లో, కమలా హారిస్ 1964లో. పట్టిక ప్రకారం ఇద్దరూ బూమర్లే!

ఆ గీతలను బాగా వాడిన సంస్థల్లో ప్యూ రీసెర్చ్ సెంటర్ ఒకటి. 2021లో ఫిలిప్ కోహెన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఈ పేర్లు వాడడం ఆపమని దానికి బహిరంగ లేఖ రాశారు. 150 మందికి పైగా పరిశోధకులు సంతకాలు చేశారు. గీతలు ఇష్టమొచ్చినట్టు గీసినవనీ, వాటివల్ల మనుషుల మీద తేలిక ముద్రలు పడుతున్నాయనీ వాళ్ల అభ్యంతరం. కావాలంటే ఫలానా దశాబ్దంలో పుట్టినవాళ్లు అనండి, లేదా మీరు అడిగే ప్రశ్నకు తగ్గట్టు గుంపు కట్టుకోండి అన్నారు.

నాకు బాగా నచ్చింది వయసు గురించిన వాదన. ఇరవై ఏళ్లవాళ్లు ఉద్యోగంలో నిలవరు, అరవై ఏళ్లవాళ్లు నిలుస్తారు అని సర్వేలో తేలిందనుకుందాం. ఇది కొత్త తరం గుణమా, ఇరవై ఏళ్ల గుణమా? ఒక్క సర్వేతో చెప్పలేం. నేటి అరవై ఏళ్లవాళ్లు ఇరవైలో ఉన్నప్పుడు, అంటే నలభై ఏళ్ల కిందట, ఇదే ప్రశ్న అడిగిన లెక్కలుండాలి. అవి ఉన్నా చిక్కు పూర్తిగా తీరదు. అప్పుడు పనులు దొరికిన తీరు వేరు, ఇప్పుడు వేరు. ఈ ఏడాదిలోంచి వయసు తీసేస్తే పుట్టిన ఏడాది వస్తుంది కదా. మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి, దేని ప్రభావం ఎంతో కేవలం లెక్కతో విడదీయలేం. 2023లో ప్యూ సంస్థే తన పద్ధతి మార్చుకుంది. ఒకే వయసులో ఉన్నప్పటి పాత లెక్కలు చేతిలో ఉంటేనే తరాలను పోలుస్తామని ప్రకటించింది.

అలాగని తరం అనేదే లేదని వీళ్లు అనడం లేదు. 1928లోనే జర్మనీలో కార్ల్ మన్‌హైమ్ దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన ఒక తరం కారనీ, ఒకే కదలికలో పాలుపంచుకోవాలనీ అన్నాడు. పట్నం కుర్రాళ్లను కదిలించిన సంగతులు ఎక్కడో దూరాన ఉన్న పల్లె రైతు కుర్రాళ్లను తాకకపోతే, వయసొకటే అయినా వాళ్లది ఒకే తరం కాదన్నాడు. అది చదివినప్పుడు మా కొండ ఊళ్లను చూసి రాశాడా అనిపించింది.

మొన్న జూన్‌లో ఒకటో తరగతిలో ఒక పాపను చేర్చుకున్నాను. ఇంటి దగ్గర కాన్పు, కాగితం లేదు. "పాప ఎప్పుడు పుట్టిందమ్మా?" అని తల్లిని అడిగాను. "ఇప్పపూలు రాలేటప్పుడు సార్" అంది. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి మార్చి నెల వేశాను. ఏడాది కోసం ఆమెతో పాటు వేళ్ల మీద లెక్కపెట్టాను.