అమ్మ పేరున వచ్చే కౌలు

పావగడ తాలూకాలో పాతకాలపు పెద్దమనుషులు పంపకాలు చేసేటప్పుడు అమ్మకు కొంత చేను విడిగా ఉంచేవాళ్లు. ఆ చేను ఎవరు దున్నుకుంటే వాళ్లే ఆమెకు అన్నం పెట్టాలి, చివరి కార్యాలు చెయ్యాలి. వానలు సరిగా పడని సీమలో ఆ వేరుశెనగ చేను ఇచ్చేది తక్కువే అయినా, భారం ఎవరిదో ఊరందరికీ తెలిసేది.

తిరుమణి చుట్టుపక్కల ఊళ్లలో ఆ లెక్క ఇప్పుడు తెగిపోయింది. సోలార్ పార్కు కోసం రైతులు దాదాపు 13,000 ఎకరాలు కౌలుకిచ్చారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై రెండేళ్లకోసారి 5 శాతం పెరిగే ఒప్పందం అది, గడువు 28 ఏళ్లు. దున్నేవాడు లేడు, కౌలు మాత్రం పహణిలో పేరున్నవాళ్ల ఖాతాలో పడుతుంది. ఆ పేరు అమ్మదైతే డబ్బు ఆమెకొస్తుంది. కానీ ఆ డబ్బుతో పాటు ఆమెను చూసుకునే బాధ్యత ఎవరికీ అంటుకోదు. అన్నదమ్ములు కౌలును చెరిసగం పంచుకుని, అమ్మను మూణ్ణెల్లకొకరు వంతులేసుకుంటారు.

వంతులు నాకు నచ్చవు. ఇల్లు మారిన ప్రతిసారీ డాక్టరు మారతాడు, షుగరు మాత్రలు మారతాయి, రాత్రిపూట బచ్చలిల్లు ఎటుందో ఆమె తడుముకోవాలి. పడి తుంటి ఎముక విరిగేది అలాంటి రాత్రే.

ఒక ఇంటిని ఊహించుకుందాం. అమ్మ పేరున మూడెకరాలు. పెద్దోడు బెంగళూరులో ఉద్యోగం, కూతురిని మడకశిరలో ఇచ్చారు, చిన్నోడు ఊళ్లోనే ఆటో తోలుతున్నాడు. అమ్మ చిన్నోడి ఇంట్లోనే ఉంటానంటోంది. మొదటి రేటు ప్రకారమే చూసినా కౌలు ఏడాదికి 63,000, అంటే నెలకు 5,250. తిండి, పాలు, మాత్రలు, రక్తపరీక్షలు కలిపి నెలకు 5,500 అవుతాయనుకుంటే, అమ్మ ఖర్చు దాదాపు అమ్మ డబ్బుతోనే గడుస్తుంది. కాబట్టి ముగ్గురూ కలిసి ఒక కాగితం రాసుకోవాలి, దాని మీద మొదటి మాట ఇదీ: కౌలు ఆమె ఖాతాలోనే ఉండాలి, ఎవరూ పంచుకోకూడదు.

ఇక మిగిలింది ఒళ్లు వంచి చేసే పని. స్నానం చేయించడం, బట్టలుతకడం, రాత్రి రెండుసార్లు లేవడం. ఇదంతా చిన్నకోడలి మీద పడుతుంది, ఏ లెక్కలోనూ రాదు. పూటపనికి ఒక మనిషిని పెట్టుకుంటే 6,000 ఇవ్వాల్సి వస్తుందనుకోండి. ఆ మొత్తంలో పెద్దోడు 4,000, కూతురు 2,000 ప్రతి నెలా ఆ కోడలి చేతికే ఇవ్వాలి. చిన్నోడు రూపాయి ఇవ్వనక్కర్లేదు, అతనింటి వాటా పనిలోనే తీరుతోంది. ‘మూడు భాగాలు సమానం’ అనడం న్యాయంగా వినిపిస్తుంది గానీ, అలా చేస్తే చేసేవాళ్లు రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. ఏడాదికి ఒక నెల కూతురో పెద్దకోడలో వచ్చి ఉండి, చిన్నకోడలికి విశ్రాంతి ఇవ్వాలని కూడా రాసుకోవాలి.

గొడవ ఎక్కడ మొదలవుతుందో చెబుతాను. రేషన్ కార్డులో ఇంటి యజమానిగా అమ్మ పేరుంటే గృహలక్ష్మి 2,000 ఆమెకే వస్తుంది, అదే కార్డులో ఉన్న కోడలికి రాదు. ‘అత్త వల్ల నా డబ్బు పోయింది’ అని ఇంట్లో, ‘వాళ్లకు అది కూడా దక్కుతోంది’ అని బెంగళూరులో అనుకుంటారు. అది ఆ కార్డులోని సంసారం మొత్తానికి వచ్చే డబ్బని ముందే తేల్చుకుంటే రెండు నోళ్లూ మూతపడతాయి.

కూతురి సంగతి మరీ ముఖ్యం. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కొడుకునూ కూతురినీ వేరుగా చూడదు. అలాగే అమ్మ వీలునామా రాయకుండా పోతే ఆ మూడెకరాల్లో కూతురికీ సమాన వాటా ఉంటుంది. నెలనెలా డబ్బు అడిగి, తర్వాత హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టమనడం అన్యాయం.

చూసుకుంటున్నాడు కదా అని అమ్మ చిన్నోడికి పొలం దానపత్రం రాయాలనుకుంటే, ‘నన్ను పోషించాలన్న షరతు మీద’ అనే మాట పత్రంలో ఉండాలి. షరతుండి అతను చూడకపోతే, ఆ చట్టంలోని 23వ సెక్షన్ కింద దానాన్ని రద్దు చేయించుకోవచ్చు. షరతు లేని పత్రంతో చిక్కే. అలా ఇచ్చింది కేవలం ప్రేమతో ఇచ్చిన దానమేనని, ఆ సెక్షన్ వర్తించదని 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. 2025 జనవరిలో అదే కోర్టు, చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలంది. ఆ వాదనల దాకా పోయే ఓపిక డెబ్బై దాటిన మనిషికి ఉండదు. ఒక్క వాక్యం రాయించడం సులువు.

మాట తప్పితే ఉపవిభాగాధికారి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. మనకైతే మధుగిరి పోవాలి. చట్టం ప్రకారం అక్కడ ఇప్పించగలిగేది గరిష్ఠంగా నెలకు 10,000. డబ్బు ఇప్పించగలరు గానీ రాత్రి లేచి నీళ్లందించే చేతిని ఇప్పించలేరు. అందుకే ఆ చెయ్యి ఎవరిదో, దానికి ఎవరు ఎంత రుణపడ్డారో ఇంట్లోనే రాసుకోమంటాను. కాగితాన్ని అమ్మ ముందు పైకి చదవాలి. ఆమె కాదన్న మాట కొట్టేయాలి. ఆమె మంచం పట్టిన రోజున పాత అంకెలు చాలవు కాబట్టి, ఏటా కౌలు పడిన నెలలో ముగ్గురూ కూర్చుని మళ్లీ లెక్క చూసుకోవాలి.