పారేసినంతకే పైకం

మొన్నామధ్య మా అపార్ట్‌మెంట్ మీటింగులో అనవసరంగా నోరు విప్పాను. దాని ఫలితమే ఈ గోల.

మాది పన్నెండు ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంట్. చెత్త ఆటో అతనికి నెలకి ఫ్లాటుకి వంద చొప్పున పన్నెండు వందలు ఇస్తాం. మూడో అంతస్తులో ఒక రిటైర్డ్ మాస్టారు ఒక్కరే ఉంటారు. రెండ్రోజులకొకసారి ఒక చిన్న కవరు బయట పెడతారంతే. ఆయన ఎదురు ఫ్లాటులో ఏడుగురు, పైగా ఆదివారం వస్తే చుట్టాలు. ఇద్దరిదీ వందే. "ఇదేం లెక్కండీ?" అన్నారు మాస్టారు. న్యాయమే కదా అనిపించి, "కరెంటుకి మీటరున్నట్టే చెత్తకీ పెడదాం" అన్నాను. ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకున్నాను కాదు :)

లెక్క ఇలా వేశాను. అంతకుముందు వాచ్‌మన్ చేత ఒక నెల లెక్క పెట్టిస్తే మొత్తం మూడు వందల సంచులు తేలాయి. కాబట్టి ఫ్లాటుకి యాభై స్థిరం, దానిమీద సంచికి రెండు రూపాయలు. ఆరు వందలూ ఆరు వందలూ కలిపి పన్నెండు వందలు, సరిగ్గా సరిపోయింది. వాచ్‌మన్ నోటుబుక్కులో ఫ్లాటు నంబరు ఎదురుగా గీత పెడతాడు, నెలాఖరుకి నేను ఎక్సెల్‌లో ఎక్కిస్తాను.

మొదటి నెల తర్వాత చూస్తే సంచులు రెండు వందలకి దిగాయి. మూడో వంతు చెత్త మాయం! గ్రాఫు గీసి లిఫ్టు పక్కన అంటించాను కూడా. ఇహ ఆ ఆనందం ఎంతసేపు నిలిచిందో చెప్తాను.

ముందు ఆటో అతను గాలి తీశాడు. "సంచులు తగ్గినయ్ గానీ బరువేం తగ్గలే సార్, ఒక్కొక్కటి లేవట్లేదు" అన్నాడు. నిజమే, జనం తొక్కి తొక్కి నింపుతున్నారు. తర్వాత ఖజానా చూసుకుంటే ఆరు వందలు ప్లస్ నాలుగు వందలు, అంటే వెయ్యే. ఆటో అతనికి మాత్రం పన్నెండు వందలూ ఇవ్వాలి. అతని డీజిలూ, అతని టైమూ మా సంచుల లెక్కన తగ్గవు కదా. ఆ రెండు వందలూ అసోసియేషన్ ఫండులోంచి తీశాం. చివరగా, మా వెనకున్న ఖాళీ ప్లాటు. అంతకుముందు అక్కడ రెండు మూడు కవర్లుండేవి, ఇప్పుడు చిన్న గుట్ట తయారైంది.

ఇదంతా మనవాళ్ళ బుద్ధే అని తిట్టుకుంటూ కూర్చుని, దీనిమీద ఎవరైనా లెక్కలు తీశారా అని వెతికాను. దొరికింది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో షార్లట్స్‌విల్ అనే ఊరుంది. అక్కడ 1992లో చెత్త సంచికి 80 సెంట్ల స్టిక్కరు అంటించాలని పెట్టారు. ఫుల్లర్టన్, కిన్నమన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 75 ఇళ్ళ చెత్తని ఈ పద్ధతికి ముందూ తర్వాతా నిజంగా తూకం వేశారు. 1996లో పేపరు వచ్చింది.

వాళ్ళకి తేలింది ఏమిటంటే, చెత్త ఘనపరిమాణం 37 శాతం తగ్గింది, బరువు మాత్రం 14 శాతమే తగ్గింది. అంటే ఇదివరకు వంద సంచుల్లో పట్టేది వంద కిలోలు అనుకుంటే, ఇప్పుడు 86 కిలోలు 63 సంచుల్లో కుక్కారన్నమాట. భాగిస్తే సంచికి సుమారు 1.37 కిలోలు. మా ఆటో అతను చేత్తో ఎత్తి చెప్పిందే వీళ్ళు తక్కెడతో చెప్పారు :) సియాటిల్‌లో డబ్బాల్లోకి ఎక్కి తొక్కేవాళ్ళట, దానికి 'సియాటిల్ స్టాంప్' అనే పేరే ఉంది. లారీలో ఎలాగూ యంత్రం నొక్కుతుంది కాబట్టి, ఇంట్లో మనం ముందే తొక్కడం వల్ల ఊరికి మిగిలేది దాదాపు ఏమీ లేదు.

అసలు దెబ్బ ఇంకోటుంది. వీధిలో తగ్గినట్టు కనపడిన చెత్తలో 28 శాతం దాకా చట్టవిరుద్ధంగానో, కనీసం అనుమానించదగ్గ దారిలోనో పోయి ఉంటుందని వాళ్ళ అంచనా. 14 కిలోల్లో 28 శాతమంటే దాదాపు నాలుగు కిలోలు. నికరంగా తగ్గింది పదే. స్టిక్కర్లు అచ్చువేసి, అమ్మి, తనిఖీ చేసే ఖర్చు చూస్తే లాభం కన్నా అదే ఎక్కువ కావచ్చన్నారు.

మన ఆఫీసుల్లో జరిగేదీ ఇదేగా? మూసిన టికెట్లు లెక్కపెడితే ఒక బగ్గుని మూడు టికెట్లు చేస్తాం. దేన్ని కొలిస్తే అదే మారుతుంది, మనకి కావలసింది కాదు.

పోనీ, బరువుకే ధర పెడితే? దక్షిణ కొరియాలో 1995 నుంచీ దేశమంతా నిర్ణీత సంచులు కొనాలి. రీసైకిల్ అయ్యేవి వేరుచేసి ఇస్తే డబ్బు తీసుకోరు. ఇప్పుడు చాలా అపార్ట్‌మెంట్లలో వంటింటి చెత్తకి కార్డు చూపిస్తే తెరుచుకుని తూకం వేసే డబ్బాలున్నాయి. తొక్కడం దీంతో పోతుంది. కానీ పక్క ప్లాటు పోదు. కిలో చెత్త పారేయడానికి ధర ఉన్నప్పుడు, పక్కనే ఉచితంగా పారేసే చోటు కూడా ఉంటే జనం ఏది ఎంచుకుంటారో చెప్పాలా?

ఆంధ్రలో 2021లో మొదలై 2024లో రద్దయిన చెత్త పన్ను గుర్తుందా? అది ఇంటికింత అని వేసింది, ఎంత పారేసినా ఒకటే. జనం మండిపడ్డారు. అయితే దానికి ఒక గుణముంది. ఎలాగూ కట్టాం కాబట్టి రోడ్డుమీద పారేస్తే మిగిలేదేమీ లేదు. సంచికింత అంటే న్యాయం పెరుగుతుంది, దొంగతనంగా పారేసే ఆశా పెరుగుతుంది. ఈ రెండూ ఒకే కత్తికి రెండు అంచులు.

అసలు న్యాయం కూడా నేననుకున్నంత తేలిక కాదు. మాస్టారికి డెబ్భై ఆరు రూపాయలు వచ్చింది, సంతోషమే. కింద వాచ్‌మన్ గదిలో ఐదుగురు, అందులో ఒక పసిబిడ్డ. నా సూత్రం ప్రకారం అతనూ కట్టాలి. డైపర్లు వాడే ఇల్లూ, మంచాన పడ్డ పెద్దవాళ్ళున్న ఇల్లూ ఎంత జాగ్రత్తపడినా చెత్త తగ్గదు.

ఇక చివరి ముచ్చట. ఖాళీ ప్లాటులో ఎవరు పారేస్తున్నారో పట్టుకుందామని ఒక ఆదివారం వెళ్ళాను. పైనే ఉన్న కవరు చూస్తే, మా ఆఫీసు పక్క బట్టల కొట్టుది. విప్పితే నా పేరున్న కొరియర్ కవరు!

"అమ్మా, ఏంటిది?" అన్నాను.

"రెండు రూపాయలు ఊరికే వస్తాయట్రా? పనమ్మాయి ఎలాగూ అటే వెళ్తుంది, ఇచ్చేశాను" అంది, కూర తరుగుతూ.

గ్రాఫు పీకేశాను. తర్వాతి మీటింగులో నా తప్పు నేనే చెప్పి కొత్త లెక్క పెట్టాను. మళ్ళీ ఫ్లాటుకి వందే, వాచ్‌మన్‌కి ఏమీ లేదు. నెలకి పది సంచుల లోపు ఇచ్చేవాళ్ళకి పాతిక వెనక్కి, అదీ తడి చెత్త వేరుగా ఇస్తేనే. ఆ డబ్బు పాత పేపర్లూ సీసాలూ అందరివీ కలిపి అమ్మిన దాంట్లోంచి ఇస్తాం. పది దాటాక ఎన్ని సంచులిచ్చినా ఒకటే కాబట్టి, పెద్ద కుటుంబాలకి ప్లాటులో పారేస్తే లాభం లేదు. పది దగ్గర ఊగిసలాడే రెండు మూడు ఇళ్ళకి మాత్రం ఆ ఆశ ఇంకా ఉంది. మా ఇల్లు అందులో ఒకటి, అందుకే అమ్మ మీద ఓ కన్నేసి ఉంచాను :)

మీ అపార్ట్‌మెంట్లో ఇంతకన్నా మంచి లెక్క ఏదైనా నడుస్తుంటే చెప్పండి. కాపీ కొట్టడానికి నాకేం నామోషీ లేదు.