శుక్రవారం ఎరుపు

హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం చేసేవాళ్లకి పొద్దున్నే కనిపించేది ఒక రంగుల పట్టిక. పైన వరసగా బిల్డ్ నంబర్లు, ఎడమ పక్కన టెస్టుల పేర్లు. పాసైతే పచ్చ, ఫెయిలైతే ఎరుపు. మా టీమ్‌లో రాత్రికి 900 దాకా ఆటోమేషన్ టెస్టులు నడుస్తాయి. అన్నీ పచ్చగా ఉన్న రోజు నాకైతే గుర్తు లేదు.

ఒక్క రోజు ఎరుపు చూసి ఏమీ చెప్పలేం. చూడాల్సింది ఎరుపు ఏ దిక్కుకి పాకింది అన్నది. ఒక బిల్డ్ కింద వంద టెస్టులు నిలువునా ఎర్రబడి మర్నాటికి పచ్చబడితే, ఆ రాత్రి ఏ సర్వరో పడిపోయి ఉంటుంది, లేదా డిస్కు నిండి ఉంటుంది. ఒకే టెస్టు ఏదో ఒక బిల్డ్ దగ్గర ఎర్రబడి అడ్డంగా అలాగే ఉండిపోతే, అనుమానం ఆ బిల్డ్‌లోకి వచ్చిన కోడ్ మీదే. ఈ రెండూ తేలికే. కష్టమంతా మూడో రకంతో. ఒక రోజు ఎరుపు, రెండ్రోజులు పచ్చ, మళ్లీ ఎరుపు. దీన్నే ఫ్లేకీ అంటాం. 2016లో గూగుల్ ఇంజనీర్లు తమ లెక్క చెప్పారు: పాస్ నుంచి ఫెయిల్‌కి మారిన సందర్భాల్లో దాదాపు 84 శాతంలో ఫ్లేకీ టెస్టు ఉందట. కాబట్టి స్టాండప్‌లో మా జూనియర్ "ఇన్‌ఫ్రా ఇష్యూ అక్కా, రీరన్ కొట్టేస్తా" అంటే, చాలాసార్లు వాడన్నది నిజమే.

బిల్డ్ 412 సోమవారం వచ్చింది. ఆ వారం గురువారం, శుక్రవారం 'ఆర్డర్ హిస్టరీ' టెస్టు `TimeoutException` అని ఫెయిలైంది. సోమవారానికి పచ్చ. తర్వాతి వారం గురువారం పచ్చే, శుక్రవారం ఎరుపు. వారం చివర రాత్రుళ్లు బ్యాకప్ నడుస్తుంది కాబట్టి మెషీన్లు నెమ్మదించాయన్నారు. వీక్లీ రిపోర్ట్‌లో ఇన్‌ఫ్రా ఖాతాలో పడింది. ఆ ఖాతా అంటే మా దగ్గర ఒక్క మనిషే: నైట్ షిఫ్ట్ చూసే కాంట్రాక్ట్ కుర్రాడు. అతని కాంట్రాక్ట్ రెన్యువల్ ఆ నెలలోనే ఉంది.

నేను రంగులు పక్కనపెట్టి, టెస్టు ఎన్ని సెకన్లు తీసుకుందో చూశాను. పాసైన రోజులవి కూడా. పాసైన టెస్టు లాగ్ ఎవరూ తెరవరు, కానీ కథంతా అక్కడే ఉంది. 411 వరకు ఏ రోజైనా 4 సెకన్లే. 412 తర్వాత సోమవారం 5, మంగళవారం 7, బుధవారం 10, గురువారం 15కి అటూ ఇటూ, శుక్రవారం 17. మా టైమౌట్ 15 సెకన్లు. మళ్లీ సోమవారం 5. గ్రాఫ్ గీస్తే రంపం పళ్లలా వచ్చింది. ఆ రెండో గురువారం కూడా మొదటిసారి ఫెయిలైనదే. ఫెయిలైతే ఇంకోసారి నడిపి, అప్పుడు పాసైతే పచ్చ వేసెయ్యమని మేమే సెట్టింగ్ పెట్టుకున్నాం.

మెషీన్లే నెమ్మదిస్తే పక్క టెస్టులు కూడా నెమ్మదించాలి కదా. లాగిన్ టెస్టు శుక్రవారం కూడా 2 సెకన్లే.

ఇంతటితో అనుమానం బలపడుతుంది గానీ రుజువు కాదు. రుజువుకి మేం చేసేది ఒకటుంది: పాత బిల్డ్‌ని ఈరోజు మెషీన్ మీద, ఈరోజు డేటాతో నడపడం. అది కూడా తడబడితే తప్పు పరిసరాలది. అది బాగుండి కొత్తదే తడబడితే తప్పు కోడ్‌ది. రెండో శుక్రవారం సాయంత్రం 411ని పదిసార్లు, ఆ రోజు బిల్డ్ 421ని పదిసార్లు మార్చి మార్చి నడిపాను. పాతది పదిసార్లూ 4 సెకన్లు. కొత్తది ఒక్కసారీ 15 లోపు రాలేదు. మధ్యలో డేటాబేస్ టేబుళ్లు మారి ఉంటే ఈ పద్ధతి పనికిరాదు, పాత బిల్డ్ లేవనే లేవదు. మా అదృష్టం, మారలేదు.

కారణం డెవలపర్ అరగంటలో పట్టుకున్నాడు. ఇదివరకు డేటాబేస్ నుంచి చివరి 20 ఆర్డర్లే వచ్చేవి. 412లో ఎవరో సార్టింగ్ మారుస్తూ, ఆ యూజర్ ఆర్డర్లన్నీ తెచ్చి, యాప్‌లో సార్ట్ చేసి, అప్పుడు 20 చూపించారు. మా మిగతా టెస్టులు రాత్రికి వేల ఆర్డర్లు ఆ ఒక్క టెస్ట్ యూజర్ పేరు మీదే వేస్తాయి. ఆదివారం రాత్రి క్లీనప్ జాబ్ అన్నీ తుడిచేస్తుంది. సోమవారం పచ్చదనం రహస్యం అదీ. కస్టమర్ డేటాబేస్‌లో ఆదివారాలు ఉండవు.

రిపోర్ట్‌లో ఆ మూడు ఎరుపులనీ ఇన్‌ఫ్రా ఖాతా నుంచి తీయించి ప్రోడక్ట్ డిఫెక్ట్‌గా రాయించాను. మేనేజర్ "పాతవి ఇప్పుడెందుకండీ" అన్నాడు గానీ మార్చాడు. రెండోసారి పాసైన టెస్టుకి పచ్చ బదులు పసుపు పెట్టాం. మొదటి పొద్దున పట్టికలో 38 పసుపు గళ్లు లేచాయి. మా జూనియర్ కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటిదాని సెకన్లు తెరిచాడు.