కుట్టుమిషను మోస్తున్న ఆరోగ్య వ్యవస్థ

ఉత్తర బిహార్‌లో సమస్తిపూర్ వైపు ఒక గ్రామం. నెలాఖరు ఆదివారం రాత్రి పిల్లలు నిద్రపోయాక, ఊరంతా ‘ఆశా దీదీ’ అని పిలిచే ఆ ఇల్లాలు గళ్ళ నోటుపుస్తకం తెరుస్తుంది. భర్త లుధియానాలో కూలి. అతడు పంపే డబ్బు ఇంటి అప్పుకే సరిపోతుంది. మిగిలిన సంసారం ఆమె చేసే మూడు చిన్న పనుల మీద నడుస్తుంది. పగలు ఆశా కార్యకర్త, సాయంత్రం పన్నెండు మంది పిల్లలకు ట్యూషన్, రాత్రి జాకెట్ల కుట్టు. వచ్చే నెల ఈ మూడింటిలో దేన్ని పక్కన పెట్టాలన్నదే ఆ పుస్తకంలో ఆమె తేల్చుకోవలసిన విషయం.

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. మూడూ చేయాల్సిందేనని ఆమె అనుకునేది. 2024 సెప్టెంబరులో ఆ నమ్మకం చెదిరింది. ఆశా పని ప్రకారం, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్ళి చూడాలి. బరువు తూచాలి, ఒంటి వేడి చూడాలి, పాలు తాగుతున్న తీరు గమనించాలి. ఆ నెల జాకెట్ల హడావిడిలో ఒక ఇంటికి ఏడో రోజు వెళ్ళవలసినది తొమ్మిదో రోజు వెళ్ళింది. బిడ్డ ఒళ్ళు చల్లబడి ఉంది, చనుబాలు పట్టడం మానేసింది. అప్పటికప్పుడు జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బిడ్డ బతికింది. ఆ రెండు రోజుల తేడా మాత్రం ఆమె మనసులోంచి పోలేదు.

తర్వాత పుస్తకం వెనక్కి తిప్పి చూస్తే హెచ్చరికలు ముందే కనిపించాయి. ఆ వారంలోనే ఒక జాకెట్టుకు రెండు ముందు ముక్కలనూ ఒకే వైపుకు కత్తిరించి, గుడ్డ డబ్బు తానే కట్టుకుంది. టీకాల రిజిస్టరులో ఒకే బిడ్డ పేరు రెండుసార్లు రాసింది. అలసట ఒంటి నొప్పిగా తెలిసేలోపే చేతి తప్పుగా బయటపడుతుందని ఆమెకు అప్పుడు అర్థమైంది. నాటి నుంచి తన తప్పులను కూడా పుస్తకంలో రాసుకుంటోంది. ఒకే వారంలో రెండు తప్పులు పడితే, నెల మధ్యలోనైనా సరే ఒక పని ఆగుతుంది.

ఏ పని ఆపాలన్నది మరింత కష్టమైన ప్రశ్న. తక్కువ గిట్టేదాన్ని వదిలేయాలన్నది అందరికీ తోచే సమాధానం. అక్టోబరు లెక్క వేసినప్పుడు ఆ సమాధానం అక్కరకు రాలేదు. ఆశా పనికి 110 గంటలు పట్టింది. నెలవారీ పనులకు అప్పట్లో కేంద్రం ఇచ్చిన 2,000 రూపాయలు, రాష్ట్రం ఇచ్చిన 1,000, రెండు ఆసుపత్రి ప్రసవాలకు 600 చొప్పున 1,200, ఒక బిడ్డను 42 రోజులూ చూసినందుకు 250, ముగ్గురికి ఏడాదిలోపు టీకాలన్నీ వేయించినందుకు 300. మొత్తం 4,750. గంటకు 43 రూపాయలు. కుట్టులో దారం, హుక్కులు పోను జాకెట్టుకు 100 మిగులుతుంది, ఒక్కోదానికి రెండు గంటలు పడుతుంది. అంటే గంటకు 50. ట్యూషనులో 39 గంటలకు 1,800 రూపాయలు, గంటకు 46. మూడూ దాదాపు సమానమే. ఏడు రూపాయల తేడా ఏ పనిని వదలాలో చెప్పలేదు.

అందుకే ఆమె గంటకు ఎంత అన్న లెక్క పక్కన మరో రెండు గడులు గీసింది. మొదటి గడి, డబ్బు చేతికి ఎప్పుడొస్తుందన్నది. జాకెట్టు తీసుకెళ్ళేటప్పుడే కుట్టుకూలి చేతిలో పడుతుంది. ట్యూషన్ డబ్బు పదో తేదీలోపు వస్తుంది. ఆశా సొమ్ము మాత్రం ఫారాలు నింపి, ఏఎన్ఎం సంతకం చేయించి, బిల్లు పైకి వెళ్ళాక వస్తుంది. ఆ అక్టోబరులో ఆమె ఖాతాలో పడింది ఆగస్టులో చేసిన పనికి.

రెండో గడి అంతకన్నా ముఖ్యం. ఈ పనిని ఒక నెల ఆపితే మళ్ళీ దొరుకుతుందా? ఛఠ్ పండుగకు ముందు జాకెట్టు కుట్టనని ఒక ఇంటి ఆడవాళ్ళను తిప్పి పంపితే వాళ్ళు బజారు దర్జీ దగ్గరికి పోతారు. నవంబరులో పెళ్ళిళ్ళ లగ్నాలు మొదలయ్యాక కూడా అక్కడికే పోతారు. ట్యూషన్ అలా కాదు. దసరా నుంచి ఛఠ్ దాకా పిల్లలు ఎలాగూ సరిగా రారు. అక్టోబరంతా ఆపి, పండుగ వెళ్ళాక తిరిగి మొదలుపెడితే పన్నెండు మందిలో పదిమంది వచ్చారు. ఇద్దరు పోయారు. ఆ నష్టం నెలకు 300.

డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా అక్కడ ఖర్మాస్. పెళ్ళిళ్ళు ఉండవు, కొత్త జాకెట్లూ ఉండవు. ఆ నెల మిషను మీద గుడ్డ కప్పి, వార్షిక పరీక్షలకు పిల్లలను చదివించింది. ఆమె పద్ధతి ఇంతే: తక్కువ ఇచ్చే పనిని కాదు, తిరిగి వచ్చే పనిని ఆపాలి.

ఈ పద్ధతిలో ఎన్నడూ వంతు రానిది ఆశా పని ఒక్కటే. గంట లెక్కన అన్నిటికన్నా తక్కువ ఇచ్చేదీ, ఆలస్యంగా ఇచ్చేదీ అదే. అయినా దాన్ని నెల రోజులు ఆపే వీలు లేదు. ఆరు సందర్శనలూ పూర్తయితేనే ఆ 250 రూపాయలు. నాలుగు చేసి ఆపితే నాలుగింటికి కూలి రాదు. డబ్బు సంగతి వదిలినా, నడిరాత్రి నొప్పులు మొదలైన ఇంటివాళ్ళు తలుపు తట్టినప్పుడు ‘ఈ నెల నా వంతు కాదు’ అనే నోరు ఎవరికుంటుంది?

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఈ వ్యవస్థ పుట్టినప్పుడు ప్రభుత్వం ఆశాను ఉద్యోగి అనలేదు, గౌరవ కార్యకర్త అంది. ఇంట్లో మరేదో ఆదాయం ఉంటుందని, ఇది దానికి తోడవుతుందని ఆ పదం ఊహిస్తుంది. ఈ నోటుపుస్తకంలో కనిపించేది దానికి తలకిందులు. ఆగస్టు సొమ్ము అక్టోబరులో వచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించింది జాకెట్ల కూలి. రెండు నెలలు ఆలస్యంగా జీతమిచ్చే యజమానికి ఒక కుట్టుమిషను వడ్డీ లేకుండా అప్పు పెడుతోంది.

2025 జులై చివర, శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, బిహార్ ప్రభుత్వం తన వంతు 1,000ని 3,000 చేస్తున్నట్టు ప్రకటించింది. 110 గంటల మీద పంచితే గంటకు 18 రూపాయలు పెరుగుతాయి. ఆమె లెక్కలో మొదటిసారి ఆశా పని కుట్టును దాటుతుంది. ఎన్నికల వేళ వచ్చిందని దాన్ని తీసిపారేయనక్కరలేదు. ఆ రెండు వేలతో ఒక పనిని ఏడాది పొడుగునా మానుకునే వీలు కలగవచ్చు. కానీ ఆమె పుస్తకంలో తేదీ గడి కూడా ఉంది. పెంపు ఎంతో చెప్పిన ప్రకటన, అది ఏ తేదీకి చేతిలో పడుతుందో చెప్పలేదు. ఆ గడి నిండేదాకా మిషను మీద గుడ్డ కప్పి ఉంచడం ఆమెకు కుదరదు.