డిసెంబరులోపే చేతికి రావాల్సిన ఫీజు డబ్బు

డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రం క్లాసులకు వెళ్లి డేటా అనలిటిక్స్‌లో మాస్టర్స్ పూర్తి చేశాను. ఫీజులో చాలా భాగం కంపెనీయే తిరిగి ఇచ్చింది. అది పూర్తిగా చేతికి రావాలంటే మార్కులతో పాటు క్యాలెండరూ చూసుకోవాలి.

అమెరికా పన్ను చట్టంలోని సెక్షన్ 127 ప్రకారం, ఉద్యోగి చదువుకు కంపెనీ ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఇస్తే దాని మీద ఆదాయపు పన్ను ఉండదు. 1986లో ఖరారైన ఈ అంకె 2026 దాటాక ధరలను బట్టి పెరుగుతుంది. దానికి మించి ఇచ్చింది మామూలుగా జీతంలో కలిసి డబ్ల్యూ-2లో కనిపిస్తుంది. చాలా కంపెనీలు 5,250 దగ్గరే ఆగిపోతాయి. మాదీ అంతే.

ఈ లెక్కలో ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరు. కాలేజీ ఏడాదేమో ఆగస్టులో మొదలవుతుంది. నేను ఫాల్‌లో రెండు సబ్జెక్టులు తీసుకున్నాను. ఒక్కోదానికి 2,100 చొప్పున 4,200 డాలర్లు. గ్రేడ్ బి కంటే తగ్గకపోతేనే కంపెనీ డబ్బిస్తుంది, గ్రేడ్లు వచ్చేది డిసెంబరు మధ్యలో. మా పేరోల్ వాళ్లు చూసేది డబ్బు చెల్లించిన తేదీని. ఆ 4,200 డిసెంబరు జీతంతో వస్తే ఆ ఏడాది ఖాతాలో పడుతుంది. జనవరికి జారితే కొత్త ఏడాది 5,250లోంచి కోసుకుంటారు. ఇక స్ప్రింగ్‌లో ఇంకో 4,200 కడితే మొత్తం 8,400 అవుతుంది, అందులో 3,150 మన జేబులోంచే. పాత ఏడాది హద్దు మాత్రం వాడకుండానే మురిగిపోతుంది.

అందుకని గ్రేడ్ తప్ప మిగతా కాగితాలన్నీ నవంబరులోనే సిద్ధం చేసి పెట్టుకునేదాన్ని. డిసెంబరు పేరోల్‌కు క్లెయిమ్‌లు ఏ తేదీ దాకా తీసుకుంటారో హెచ్‌ఆర్‌ను ముందే అడిగి రాసుకునేదాన్ని. గ్రేడ్ పడిన రోజే ట్రాన్‌స్క్రిప్ట్ దించుకుని జత చేసి పంపేయడమే.

కాగితాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ముందస్తు అనుమతి. మా టీమ్‌లో కొత్తగా చేరిన తెలుగమ్మాయి, “అక్కా, మేనేజర్ ఓకే అన్నారు కదా, చాలదా?” అని అడిగింది. చాలదు. మేనేజర్ మాట మంచిదే కానీ, రేపు ఆయన వేరే టీమ్‌కు మారితే ఆ మాటకు సాక్ష్యం ఉండదు. హెచ్‌ఆర్ పోర్టల్‌లో ఆమోదం రావాలి, దాని మీది తేదీ క్లాసులు మొదలవడానికి ముందుదై ఉండాలి. అదీ డిగ్రీ మొత్తానికి ఒక్కసారి ఇచ్చేది కాదు, ప్రతి సబ్జెక్టుకూ విడిగా తీసుకోవాలి. సీట్లు నిండిపోయి మొదటి వారంలో వేరే సబ్జెక్టుకు మారితే కోర్సు నంబరు మారుతుంది. పాత అనుమతి మీద ఒక నంబరు, రసీదు మీద ఇంకో నంబరు ఉంటే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. అందుకే మారిన రోజే కొత్త అనుమతికి పెట్టుకోమని చెప్పాను.

రసీదు సంగతికొస్తే, క్రెడిట్ కార్డు బిల్లు రసీదు కిందికి రాదు. యూనివర్సిటీకి ఇంత వెళ్లిందని చెబుతుందే తప్ప, దేనికి వెళ్లిందో చెప్పదు. యూనివర్సిటీ స్టూడెంట్ అకౌంట్‌లో ఐటెమైజ్డ్ స్టేట్‌మెంట్ ఉంటుంది. పైన పేరు, సెమిస్టరు, కోర్సు నంబర్లు, కింద ట్యూషన్ ఒక వరుస, ఒక్కో ఫీజుకూ ఒక్కో వరుస, చివర బాకీ సున్నా. ఆ సున్నా కనిపించే పేజీ తప్పకుండా పెట్టాలి. వాయిదాల్లో కట్టేవాళ్లకు ఆఖరి వాయిదా తీరేదాకా ఆ సున్నా రాదు, కాబట్టి డిసెంబరుకు ముందే తీరిపోయే ప్లాన్ ఎంచుకోవడం మేలు. పార్కింగ్ ఫీజు, లేటు ఫీజు మా పాలసీలో లేవు. వాటిని మొత్తంలోంచి నేనే తీసేసి క్లెయిమ్ వేసేదాన్ని. కలిపి వేస్తే వివరణ కోసం ఫైలు వెనక్కి వస్తుంది, డిసెంబరులో ఆ నాలుగు రోజులే మనకు కరువు.

అనుమతి పత్రంలో ఇంకో షరతు ఉంటుంది, సంతకం పెట్టే ముందు చదవాలి. మా దగ్గర డబ్బు అందిన తేదీ నుంచి పన్నెండు నెలల్లోపు మానేస్తే ఆ మొత్తం తిరిగి కట్టాలి. చివరి సెమిస్టరు డబ్బు వచ్చాక నాకు వేరే కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, గడువు ఇంకా తీరలేదు. కట్టాల్సిన 4,200ను కొత్త కంపెనీని జాయినింగ్ బోనస్‌గా అడిగాను. అయితే బోనస్ మీద ఫెడరల్ పన్ను కింద 22 శాతం, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం పట్టుకుంటారు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోయినా చేతికి 4,200 రావాలంటే దాదాపు 6,000 అడగాలి. ఆ లెక్కంతా కాగితం మీద వేసి పంపాను. వాళ్లు 6,000కే ఒప్పుకున్నారు.