అరవైలో తొలి బేరం కందిపొడి

అరవై దాటిన ఇల్లాలు వ్యాపారం పెడతానంటే చుట్టూ ఉన్నవాళ్లంతా ముందు ఆవకాయ పెట్టమంటారు. మా పిన్నికీ అదే చెప్పారు. నేను మాత్రం కందిపొడి అన్నాను. ఆవకాయ కాయ దొరికేది వేసవిలోనే. ఏడాది సరుకు మీద డబ్బంతా ఒకేసారి పెట్టాలి, కాయలు కొట్టించాలి, బరువైన జాడీలు ఎత్తి దించాలి. ఎక్కడ తడి తగిలినా జాడీ అంతా బూజు పడుతుంది. కందిపొడైతే ఏ నెలలోనైనా కిలో పప్పుతో మొదలుపెట్టొచ్చు. చెడినా పోయేది ఆ కిలోనే.

పిన్ని కొలతలన్నీ గుప్పెళ్లూ చిటికెలే. ఇంట్లోవాళ్లు ఒకపూట కారం ఎక్కువైనా సర్దుకుంటారు. కొన్నవాళ్లు రెండో పొట్లంలోనూ మొదటి రుచే అడుగుతారు. అందుకే ఆవిడ గుప్పెడు తీసినప్పుడల్లా తూచి రాసుకున్నాం. కందిపప్పు కిలో, ఎండుమిర్చి 100 గ్రాములు, ఉప్పు 60, జీలకర్ర 30. వెల్లుల్లి వేయలేదు, దాని తడికి పొడి ఎక్కువకాలం నిలవ ఉండదు.

పప్పు సన్నసెగ మీద వేగాలి. మంట పెద్దదైతే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఒక బద్ద కొరికితే పటుక్కుమనాలి, విరిగినచోట కూడా రంగు మారి ఉండాలి. పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయాలి. మిక్సీ వేడి కూడా పోయాకే పొట్లం కట్టాలి. వెచ్చగా మూసేస్తే లోపల చెమ్మ పట్టి పొడి ఉండలు కడుతుంది.

ఇక లెక్క. పప్పు కిలో 160 రూపాయలు అనుకుంటే, మిగతా దినుసులు, గ్యాసు, కరెంటు కలిపి 212 దాకా అవుతాయి. 100 గ్రాముల పొట్లాలు 11 వస్తాయి. కవరుకీ లేబులుకీ నాలుగేసి చొప్పున 44. మొత్తం 256, అంటే పొట్లానికి 23 పైచిలుకు. పిన్ని 30కి అమ్ముతానంది. కానీ ఏరడం, వేయించడం, పొడి చేయడం, కట్టడం, అంతా కలిపి రెండు గంటల పని. గంటకు 75 చొప్పున ఆ కూలి కూడా వేస్తే పొట్లం ఖర్చు 37కి చేరుతుంది. 30కి అమ్మితే ఆవిడ తన కష్టాన్ని సగానికి పైగా ఊరికే ఇచ్చేసినట్టే. 45కి తక్కువ అమ్మకూడదు.

ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉండాలి. ఆ నంబరు, దినుసులు, బరువు, ధర, తయారైన తేదీ లేబులు మీద వేయాలి.

నలభై ఏళ్లు జీతం లేకుండా వండిన అమ్మలారా, ధర వేసేటప్పుడు పప్పు కంటే ముందు మీ కూలి రాయండి.